పులికి తిండి పెట్టేది ఎవరు?

ప్రశ్న: మాది హైదరాబాద్. పులి ఉంటే అడవి బాగుంటుంది, అడవి బాగుంటే ఊరు బాగుంటుంది అని చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నాం. మరి కాగజ్‌నగర్ వైపు ఊళ్ళ వాళ్ళు పులుల రక్షణ అంటేనే ఎందుకు మండిపడుతున్నారు? పులులు పెరిగితే జింకలు తగ్గిపోవా? అక్కడ పని చేసిన వాళ్ళు ఎవరైనా చెప్పగలరా?

సమాధానం:

నేను చాలా ఏళ్ళు పాత ఆదిలాబాద్ జిల్లా అడవుల్లో తిరిగాను. ట్రాప్ కెమెరాలు కట్టడం, పులి చంపిన పశువుల లెక్క రాయడం, ఎండిన పెంటికలు ఏరి అందులోని వెంట్రుకలను బట్టి అది ఏం తిన్నదో చూడడం నా పని. ఇప్పుడు తార్నాకలో ఉంటున్నాను. మీ ప్రశ్నకు సమాధానం నాకు ఒక ఎద్దుతో మొదలవుతుంది.

కాగజ్‌నగర్ డివిజన్‌లో అడవి అంచున ఒక ఊరు. కార్తీక మాసం, పత్తి తీత సాగుతోంది. సాయంత్రం మంద ఇంటికి వచ్చినప్పుడు ఒక రైతు జోడెద్దుల్లో ఒకటి కనిపించలేదు. ఆ రాత్రి ఎవరూ వెతకడానికి వెళ్ళలేదు, వెళ్ళకపోవడమే మంచిదయింది. తెల్లవారాక వాగు ఇసుకలో పెనుగులాట గుర్తులు దొరికాయి. అక్కడి నుంచి నూట యాభై అడుగుల దూరం ఈడ్చిన జాడ, దాని చివర పొద కింద ఎద్దు. గొంతు మీద కోరల గాట్లు, తినడం వెనుక తొడల నుంచి మొదలైంది. చిరుత అయితే సాధారణంగా పొట్ట వైపు నుంచి మొదలుపెడుతుంది, పైగా బలిసిన ఎద్దును అంత దూరం ఈడ్చడం దానికి కష్టం. పక్కనే పాదముద్ర కూడా ఉంది కాబట్టి పెద్దపులి అని తేల్చడానికి పది నిమిషాలు పట్టలేదు.

అసలు సమస్య అప్పుడు మొదలవుతుంది. పులి ఒక పెద్ద పశువును ఒక రాత్రిలో తినలేదు. పగలు దగ్గర్లోనే నీళ్ళున్న చోట, నీడలో పడుకుని మళ్ళీ రాత్రికి వస్తుంది, అలా మూడు నాలుగు రోజులు తింటుంది. ఆ కళేబరాన్ని మనం అక్కడే వదిలేస్తే దాని కడుపు నిండుతుంది, వారం దాకా ఇంకో పశువు జోలికి రాకపోవచ్చు. వాసన వస్తోందనో, భయం వేసో దాన్ని పూడ్చిపెడితే ఆకలితో ఉన్న పులి ఒకటి రెండు రోజుల్లో మరో పశువును చంపుతుంది. అంటే పులికీ ఊరికీ కూడా మంచిది ఆ ఎద్దును పులికి వదిలేయడమే. కానీ అది చెప్పాల్సింది ఎవరికి? రాత్రంతా నిద్రపోని ఆ రైతుకి. ఆయన ముందు నిలబడి నేను ఆ మాట చాలాసార్లు చెప్పాను. ఒక్కసారి కూడా తేలిగ్గా చెప్పలేకపోయాను.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. పులి తిరిగి వస్తుందని ఊళ్ళో అందరికీ తెలుసు. పురుగుల మందు డబ్బా ప్రతి పత్తి రైతు ఇంట్లో ఉంటుంది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో కొద్ది రోజుల వ్యవధిలో రెండు పులులు చనిపోయి దొరికాయి. పులి చంపిన పశువు కళేబరం మీద విషం చల్లారని దర్యాప్తులో తేలింది. వార్త చదివినవాళ్ళు అది వేటగాళ్ళ పని అనుకుని ఉంటారు. నేను తిరిగిన ఊళ్ళలో ఆ పని చేసేంత కోపం ఉన్నవాళ్ళలో ఎక్కువ మంది పులి గోరు అమ్మాలని చూసేవాళ్ళు కాదు, పశువు పోయినవాళ్ళు. పశువు చచ్చిన మొదటి రెండు రోజుల్లో అక్కడికి ఎవరు వచ్చారు, ఏం చెప్పారు, చేతిలో ఏం పెట్టారు అన్నదాన్ని బట్టే ఆ డబ్బా మూత తెరుచుకుంటుందో లేదో తేలుతుంది.

ఇక పులి ఎద్దునే ఎందుకు చంపింది? అడవిలో దుప్పులు లేవా? ఈ లెక్క ఒకసారి అర్థమైతే మీ రెండో ప్రశ్న కూడా తీరుతుంది.

ఒక పెద్దపులికి ఏడాదికి దుప్పి పరిమాణం ఉన్న జంతువులు యాభై దాకా కావాలి. వారానికి ఒకటి అనుకోండి. పిల్లల తల్లికి ఇంకా ఎక్కువ. మంద తరిగిపోకుండా పులి అందులో ఏటా తినగలిగేది సుమారు పదోవంతు. అంటే ఒక పులి నిలకడగా బతకాలంటే దాని వెనుక ఐదు వందల జంతువులు ఉండాలి. దుప్పి, కణితి, మనుబోతు, అడవి పంది అన్నీ కలిపి చదరపు కిలోమీటరుకు పది ఉన్న అడవిలో ఒక పులికి యాభై చదరపు కిలోమీటర్లు సరిపోతాయి. రెండే ఉంటే రెండు వందల యాభై కావాలి. కవ్వాల్ పులుల అభయారణ్యం కోర్ ప్రాంతం 893 చదరపు కిలోమీటర్లు. మొదటి లెక్క ప్రకారం అందులో పదిహేడు పులులు పడతాయి, రెండో లెక్క ప్రకారం మూడు. అదే అడవి, అవే చెట్లు, తేడా అంతా తినే జంతువుల్లోనే ఉంది.

దీన్నిబట్టి మీకు ఒక విషయం తెలిసిపోతుంది. పులులు తిన్నందువల్ల జింకలు తగ్గిపోవు, జింకలు తగ్గినందువల్ల పులులు నిలవవు. దుప్పుల్ని తగ్గించేది ఉచ్చు, కరెంటు తీగ, వేటకుక్క, ఆ తర్వాత గడ్డి కొరత. గడ్డి దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఆ రైతు మందే ఎదురవుతుంది. పావు టన్ను బరువున్న ఆవు రోజుకు ఆరు కిలోల దాకా ఎండు మేత తింటుంది. యాభై కిలోల దుప్పికి కిలోన్నర చాలు. నాలుగు వందల పశువుల మంద రోజూ అడవిలో మేసిందంటే పదహారు వందల దుప్పుల మేత పోయినట్టు. పై లెక్కలో పెడితే అది మూడు పులుల వాటా. కాగితం మీద లెక్క ఇంత సూటిగా ఉంటుంది కానీ అడవిలో ఉండదు. కణితి ఎక్కువగా ఆకులు మేస్తుంది కాబట్టి దానికీ ఆవుకీ పోటీ తక్కువ, దుప్పికీ ఆవుకీ మాత్రం నేరుగా పోటీ. ఏమైనా దుప్పి స్థానంలో ఆవు వచ్చి నిలబడింది, పులి కూడా దుప్పికి బదులు ఆవును తింటోంది. ఇలాంటి చోట పెంటికల్లో పశువు వెంట్రుకలు తరచుగా కనిపిస్తాయి. (నల్లమల వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ మాట జాగ్రత్తగా వాడాలి, అక్కడ పెంట అంటే చెంచుల గూడెం. ‘పెంటల్లో వెతుకుతున్నాను’ అని నేను మన్ననూరులో ఒకసారి నవ్వులపాలయ్యాను.)

ఇప్పుడు చూడండి, ఆ పులికి తిండి పెడుతున్నది ఎవరు? మీరూ నేనూ కాదు. ప్రభుత్వం కూడా కాదు. ఆ రైతే.

తిరకాసు ఏమిటంటే, పులులు ఇటీవలి కాలంలో ఎక్కువగా కనిపిస్తున్న కాగజ్‌నగర్ అడవి అసలు కవ్వాల్ కోర్‌లో లేనేలేదు. మహారాష్ట్రలోని తడోబాలో పులులు నిండిపోయి, చోటు దొరకని కుర్ర పులులు నదులు దాటి ఇటు వస్తున్నాయి. ఫాల్గుణ అని సిబ్బంది పేరు పెట్టిన ఆడపులి అలా వచ్చి ఇక్కడే పిల్లల్ని కన్నది. 2012లో రిజర్వుగా ప్రకటించి, బేస్ క్యాంపులు పెట్టి, నీటి గుంటలు తవ్వి, కాపలా కాస్తున్న కవ్వాల్ కోర్‌లో మాత్రం పులి వచ్చి చూసి వెళ్ళిపోతోంది. ఏర్పాట్లు ఒక చోట, పులి ఇంకో చోట. రిజర్వు నిధులూ పునరావాసపు ప్యాకేజీలూ రిజర్వు గీత లోపలి ఊళ్ళకే, ఆ గీత పులికి కనపడదు. దారి మీద ఉన్న ఊరికి పులి వస్తుంది, దానితో రావాల్సింది రాదు. కాగజ్‌నగర్ వాళ్ళ కోపంలో సగం ఇదే.

మిగతా సగం పత్తి చేలలో ఉంది. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడిలో ఇద్దరు చనిపోయారు, ఇద్దరూ చిన్న వయసువాళ్ళే. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర చేనులో పత్తి తీస్తున్న ఒక యువతి చనిపోయింది. మూడూ నవంబరులోనే జరగడం నాకు వింతగా అనిపించదు. ఆ నెలల్లో పత్తి నడుము దాటి ఎదిగి ఉంటుంది, పులి అందులో పడుకుంటే పది అడుగుల దూరం నుంచి కూడా కనిపించదు. వంగి పత్తి తీసే మనిషి ఎత్తు నిలబడ్డ మనిషిది కాదు, ఒక జంతువుది. పొద్దెక్కాక చేనుకు వెళ్ళండి, పొద్దుండగానే తిరిగి రండి, గుంపుగా ఉండండి అని అటవీ సిబ్బంది చెబుతారు. మంచి సలహానే. కానీ కూలి కిలోల లెక్కన వచ్చే చోట పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మానుకోవడం అంటే సంపాదనలో మూడో వంతు వదులుకోవడం. మనిషి చనిపోతే ఇచ్చే పరిహారాన్ని ప్రభుత్వం 10 లక్షల రూపాయలకు పెంచింది. పులి తిరుగుతోందని తెలిసి కూలికి వెళ్ళలేకపోయిన నెల రోజులకు ఏ పద్దు కిందా పరిహారం లేదు. నేను చూసిన నష్టాల్లో అన్నిటికంటే పెద్దది, లెక్కకు అందనిది అదే.

అయితే ఊళ్ళను కదిలిస్తే సమస్య తీరదా అని మీరు అడగవచ్చు. కొంత తీరుతుంది. కవ్వాల్ కోర్‌లోని రాంపూర్, మైసంపేట వాసులకు 2024లో కోర్ బయట పునరావాసం ఇచ్చారు. ఇష్టపడి వెళ్ళే కుటుంబానికి జాతీయ ప్యాకేజీ 15 లక్షల రూపాయలు, లేదా అంత విలువైన భూమి, ఇల్లు. ఊరు ఖాళీ అయిన చోట మొదటి రెండు మూడేళ్ళు అద్భుతంగా ఉంటుంది. తరాలుగా పశువుల ఎరువు పడిన నేల కాబట్టి లేత గడ్డి దట్టంగా మొలుస్తుంది, దుప్పులు మందలుగా దిగుతాయి. ఫొటోలు తీసేవాళ్ళు అప్పుడే వస్తారు. ఆ తర్వాత కథ ఎవరూ చూడరు. మేసే పశువు లేదు, దుప్పులు ఇంకా అంత పెరగలేదు, గడ్డి ముదిరి పీచు అవుతుంది. ముదిరిన గడ్డిని దుప్పి ముట్టదు. దాని మధ్యలోకి తలంబ్రాల కంప దూరుతుంది, వయ్యారిభామ వస్తుంది, ఇంకొన్నాళ్ళకు చెట్టు మొలకలు లేస్తాయి. ఐదారేళ్ళకు ఆ మైదానం పొదల చిట్టడవి. అలా కాకుండా చూడాలంటే ఏటా కంపను వేళ్ళతో పీకాలి. నరికితే చాలదు, మోడు నుంచి రెండింతలు చిగురుస్తుంది. ఈ పనికి కూలీలు కావాలి. ఆ కూలీలు ఎవరు? చాలాచోట్ల అక్కడి నుంచి కదిలి వెళ్ళినవాళ్ళే.

పులి కోసం అడవిని సరిదిద్దడం అంటే అందరికంటే ముందు దుప్పి కోసం సరిదిద్దడం. గడ్డి పెంచుతారు, కంప తీస్తారు, ఎండాకాలం సాసర్‌పిట్లు అనే లోతు తక్కువ గుంటల్లో ట్యాంకర్లతో నీళ్ళు పోస్తారు. దీనివల్ల దుప్పి త్వరగా పెరుగుతుంది, నిజమే. కానీ అడవిలో ఉండేది దుప్పి ఒక్కటే కాదు. మన నెహ్రూ జూపార్కులో సీసీఎంబీ శాస్త్రవేత్తలతో కలిసి మూషిక జింకల్ని పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలారు. కుందేలంత ఉండే ఆ జీవికి కావలసింది మైదానం కాదు, కింద దట్టంగా అల్లుకున్న పొద, రాలిన పండు, దాక్కునే తొర్ర. పొద అంతా కంపే అనుకుని చదును చేస్తే దాని ఇల్లు పోతుంది. పైగా ఎండాకాలంలో కూడా నీళ్ళు దొరికితే దుప్పుల మంద అక్కడి నుంచి కదలదు, గుంట చుట్టూ అర కిలోమీటరు మేర మొలకన్నది లేకుండా మేసేస్తుంది. ఆ చోట పెద్ద చెట్లు ఉంటాయి, పిల్ల చెట్లు ఉండవు. మేము గుంట దగ్గర నిలబడి మోకాలి ఎత్తు మొలకలు లెక్కపెట్టేవాళ్ళం. దూరం పోయేకొద్దీ పెరగాలి. అలా పెరగడం మొదలయ్యే గీత ఏటేటా వెనక్కి జరుగుతోందంటే ఆ గుంటను ఒక వేసవి ఎండబెట్టి, ఇంకో చోట నింపాలి. అందరూ అలా చేయరు, ఎందుకంటే నిండు గుంట పక్కన దుప్పుల ఫొటో బాగుంటుంది.

దుప్పి, పంది పెరిగాయంటే అడవి అంచు చేలలో జొన్న, కంది, వేరుశనగ మిగలవు. మంచె మీద రాత్రంతా కాపలా కాయగలిగే మనుషులు ఇప్పుడు ఇళ్ళలో లేరు, పిల్లలు మీలాగే హైదరాబాద్ వచ్చేశారు. దాంతో కొందరు స్తంభం నుంచి తీగ లాగి చేను చుట్టూ కడతారు. అది పంది కోసం. కానీ చీకట్లో ఆ దారిన పులి కూడా వస్తుంది, చేను యజమాని కూడా వస్తాడు. ఇలాంటి తీగకు పులులూ చచ్చాయి, రైతులూ చచ్చారు. మొత్తం చుట్టూ తిరిగి చూస్తే పులి కోసం దుప్పిని పెంచాం, దుప్పీ పందీ చేను మీద పడ్డాయి, చేను కోసం తీగ కట్టారు, తీగ పులిని చంపింది. దీనిలో ఒక్క చోట కూడా చెడ్డవాడు లేడు.

చిరుత సంగతి కూడా ఒక మాట. పెద్దపులి కుదురుకున్న అడవిలో చిరుత అంచులకు జరుగుతుంది, మేకలు, కుక్కలు దొరికే ఊరి పక్కకు. కాబట్టి అడవి లోపల పులి లెక్క పెరిగితే ఊళ్ళో మేకల లెక్క తగ్గడానికి అవకాశం ఉంది. పరిహారం అడగడానికి వచ్చే మేకల కాపరి మాత్రం ‘పులి’ అనే అంటాడు, పల్లెల్లో రెండింటికీ ఒకటే మాట. రాసుకునేవాడు జాడ చూసి రాయాలి.

2025 మే నెలాఖరులో ప్రభుత్వం కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ అడవుల్లో సుమారు 1,493 చదరపు కిలోమీటర్లను కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 49వ నంబరు జీవో ఇచ్చింది. ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి, జులైలో దాన్ని పక్కన పెట్టారు. చట్టం ప్రకారం కన్జర్వేషన్ రిజర్వు అంటే పులుల కోర్ లాంటిది కాదు, ఊళ్ళు ఖాళీ చేయించే అధికారం దానితో రాదు. ఆ మాట నేను కూడా కొందరికి చెప్పి చూశాను. వాళ్ళు అడిగింది వేరే. పోడు పట్టా ఉంటుందా, తునికాకు కోయనిస్తారా, ఇప్పపువ్వు ఏరుకోనిస్తారా, మందను ఏ దారిన తోలాలి? అభయారణ్యం అని బోర్డు పెట్టిన చోట తునికాకు సేకరణ ఆగిపోవడం వాళ్ళు పక్క మండలంలో చూశారు. వేసవిలో చేతికి నగదు వచ్చే పని అదొక్కటే. ఇలాంటి రిజర్వు పెట్టేముందు స్థానికులతో సంప్రదించాలని ఆ చట్టంలోనే ఉంది. ముందు జీవో వచ్చి, తర్వాత సమాధానాలు వస్తే ఎవరు నమ్ముతారు? పులి తిరిగే దారిని కాపాడడం అవసరమనే నా అభిప్రాయం, ఆ దారి తెగితే తడోబా నుంచి కవ్వాల్‌కు పులి రాదు. కానీ ఆ కాగితం మీద మొదటి సంతకం పడకముందే పశువు నష్టానికి వారంలో డబ్బు, తునికాకు మీద రాతపూర్వకమైన హామీ పడి ఉండాల్సింది. ఇది అటవీ శాఖలో పని చేసిన నా స్నేహితులు కొందరు ఒప్పుకోరు. ముందు నేలను కాపాడుకుంటే మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చని వాళ్ళంటారు.

మనకు ఇందులో భాగం లేదనుకోకండి. శ్రీశైలం వెళ్ళే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది దాటాక బండి ఆపేస్తే మనవాళ్ళు ఎంత గొడవ పెడతారో నేను చూశాను. అమ్రాబాద్ అడవిలో జంతువులు రోడ్డు దాటడానికి మనం ఇస్తున్నది తొమ్మిది గంటల చీకటి. అది కూడా ఎక్కువే అని మనకు అనిపిస్తుంది.

ఆ ఎద్దు సంగతి పూర్తి చేస్తాను. బీట్ ఆఫీసర్ ఆ రోజే వచ్చి పంచనామా రాశాడు, మేము చెట్టుకు కెమెరా కట్టాం. పశువైద్యుడు మర్నాడు మధ్యాహ్నానికి వచ్చి ఎద్దు వయసు చూసి విలువ కట్టాడు. రైతును ఒప్పించి కళేబరాన్ని అక్కడే ఉంచాం. రెండు రాత్రులు ఇద్దరు ట్రాకర్లు కొంచెం దూరంలో కాపలా ఉన్నారు, పులి నుంచి కళేబరాన్ని కాపాడడానికి కాదు, మనుషుల నుంచి. పులి రెండు రాత్రులూ వచ్చింది, ఫొటోలో చారలు స్పష్టంగా పడ్డాయి, మూడో రోజు వాగు దాటి వెళ్ళిపోయింది. మా పుస్తకంలో ఆ కేసు విజయం కింద రాసుకున్నాం.

కాగితం మీద విలువ కట్టింది ఒక ఎద్దుకు. ఆయన పోగొట్టుకున్నది జతను. ఒంటి ఎద్దుతో నాగలి నడవదు, దానికి ఈడైనది దొరకడం కష్టం. పరిహారం దస్త్రం ఒక కార్యాలయంలో ఒక సంతకం కోసం నెలల తరబడి ఆగింది. మిగిలిన ఎద్దును ఆయన ఆ వేసవిలోనే సంతలో వచ్చిన ధరకు అమ్మేశాడు. తొలకరి పడ్డాక దుక్కి అద్దె ట్రాక్టరుతో చేయించుకున్నాడు. డబ్బు ఖాతాలో పడింది ఆ తర్వాతే.